స్ప్రింగుల వరుసపై నడిచే నీళ్లు

ఫోన్‌లో ఆడే ఆటల్లో తరచూ కనిపించే దృశ్యం ఇది. పక్కనుంచి చూస్తున్నట్టు గీసిన కొండ, దాని కింద మడుగు. పైనుంచి రాయి పడుతుంది. పడ్డ చోట నీరు గుంటపడి మళ్లీ పైకి లేస్తుంది. అక్కడ పుట్టిన అలలు రెండు వైపులా సాగి, గట్టును తాకి, వెనక్కి వచ్చి మెల్లగా సద్దుమణుగుతాయి. ఎవరో ముందుగా బొమ్మలు గీసి పెట్టిన యానిమేషన్ కాదది. రాయి ఎక్కడ పడితే అల అక్కడే పుడుతుంది, ఎంత వేగంగా పడితే అంత పెద్దగా లేస్తుంది. దీని వెనకున్న లెక్క హైస్కూలు భౌతికశాస్త్రం దాటదు.

నిజమైన నీటిలోని ప్రతి భాగం కదలికనూ లెక్కకట్టడం ఫోన్‌కు చాలా బరువైన పని. అందుకే ఆట తయారుచేసేవాళ్లు నీటి లోపలి సంగతి పూర్తిగా వదిలేసి ఉపరితలాన్ని మాత్రమే పట్టించుకుంటారు. మడుగు 800 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. దాన్ని 4 పిక్సెళ్లకు ఒకటి చొప్పున 200 నిలువు స్తంభాలుగా విడదీస్తారు. ఒక్కో స్తంభానికి గుర్తుంచుకోవలసినవి రెండే అంకెలు: నిశ్చల మట్టం నుంచి అది ఎంత పైకి లేక కిందికి ఉంది, ఎంత వేగంతో కదులుతోంది. స్తంభాల తలలను కలుపుతూ గీత గీసి, దాని కింద నీలిరంగు నింపితే మడుగు తయారైనట్టే.

ప్రతి స్తంభం మీదా మూడు బలాలు పనిచేస్తాయి. మొదటిది స్ప్రింగు లాగుడు. స్ప్రింగును ఎంత సాగదీస్తే అంత బలంతో వెనక్కి లాగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించిన సూత్రమే ఇది. స్తంభం మట్టం నుంచి ఎంత దూరం జరిగితే అంత గట్టిగా వెనక్కి లాగబడుతుంది. రెండోది డ్యాంపింగ్, అంటే ప్రతి ఫ్రేములోనూ వేగంలో కొంత భాగాన్ని తీసేయడం. ఇది లేకపోతే నీరు ఎప్పటికీ ఊగుతూనే ఉంటుంది. మూడోది పొరుగు లాగుడు: పక్క స్తంభాలు తనకంటే కిందున్నాయా, ఇది కిందికి లాగబడుతుంది, పైనున్నాయా, పైకి లాగబడుతుంది. మొదటి రెండే ఉంటే రాయి తగిలిన ఒక్క స్తంభం తనంతట తాను ఎగిరిపడి ఆగిపోతుంది, పక్కదానికి కబురే అందదు. అలను పుట్టించేది ఈ మూడో బలం.

మొత్తం కార్యక్రమం గుండెకాయ ఈ కొద్ది వరుసల్లోనే ఉంది. `h` ఎత్తు, `v` వేగం, `k` స్ప్రింగు బిగువు, `d` డ్యాంపింగ్, `c` పొరుగు లాగుడు.

```python
for i in range(1, n - 1):
    a[i] = -k*h[i] - d*v[i] + c*(h[i-1] + h[i+1] - 2*h[i])
for i in range(1, n - 1):
    v[i] += a[i]
    h[i] += v[i]
h[0] = h[1]
h[n-1] = h[n-2]
```

సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో ఈ లెక్క సెకనుకు 60 సార్లు జరుగుతుంది. `k`, `d` రెండూ 0.025, `c` 0.25 అనుకుని, వందో స్తంభం మీద ఒక రాయి వేసి చూద్దాం. రాయి తగలగానే ఆ స్తంభానికి ఫ్రేముకు 40 పిక్సెళ్ల చొప్పున కిందికి వేగం ఇస్తాం.

మొదటి ఫ్రేములో డ్యాంపింగ్ ఒక పిక్సెల్ మేర వేగం తగ్గిస్తుంది, స్తంభం 39 పిక్సెళ్లు దిగుతుంది. పొరుగు స్తంభాలకు ఇంకా ఏమీ తెలియదు. రెండో ఫ్రేములో వందో స్తంభాన్ని ఇరుపక్కల స్తంభాలు బలంగా పైకి లాగుతాయి. అయినా దానికి వేగం మిగిలే ఉంది కాబట్టి సుమారు 57 పిక్సెళ్ల లోతుకు చేరుతుంది. ఆ లాగుడుకు పొరుగు స్తంభాలు కూడా దాదాపు 10 పిక్సెళ్లు కిందికి వస్తాయి. మూడో ఫ్రేములో వందోది తిరుగుముఖం పట్టి 49కి లేస్తుంది, పొరుగువి 28కి దిగుతాయి, వాటి అవతలివి రెండున్నర పిక్సెళ్లు కదులుతాయి. నాలుగో ఫ్రేముకు వందోది 30 దగ్గరుంటే పొరుగువి 44 లోతున ఉంటాయి. అంటే గుంట నడిమధ్య ఉబ్బి రెండుగా చీలింది, రెండు గుంటలూ చెరో వైపు బయలుదేరాయి. ఇది జరగడానికి సెకనులో పదిహేనో వంతు పట్టింది. అల ఎలా సాగాలో మనం ఎక్కడా చెప్పలేదు. పక్కవాడితో ఎలా మెలగాలో ప్రతి స్తంభానికీ చెప్పాం, అంతే.

ఈ మూడు అంకెలను ఎలా ఎంచుకోవాలో కూడా లెక్కే చెబుతుంది. ఒంటరి స్తంభం ఒకసారి ఊగి రావడానికి పట్టే కాలం `k` మీద ఆధారపడుతుంది. 0.025 ఉంటే సుమారు 40 ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండు వంతులు. `d` 0.025 ఉంటే ఊపు సుమారు 55 ఫ్రేముల్లో, అంటే దాదాపు సెకనుకు సగమవుతుంది. అల నడక వేగాన్ని శాసించేది `c`. ఫ్రేముకు ఎన్ని స్తంభాలు దాటగలదో దాని వర్గమూలం చెబుతుంది. 0.25కు వర్గమూలం 0.5 కనుక అల ఫ్రేముకు అర స్తంభం మించి నడవలేదు. అంటే సెకనుకు 120 పిక్సెళ్లు. మడుగు నడుమ పడ్డ రాయి అల గట్టు చేరడానికి మూడు సెకన్లకు పైనే పడుతుంది. ఆటలో ఇది నీళ్లలా ఉండదు, చిక్కటి పాకంలా కనిపిస్తుంది.

అలాంటప్పుడు `c` పెంచేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొత్తగా చేసేవాళ్లందరూ చిక్కుకునేది ఇక్కడే. `c` 0.9 దాకా బాగానే ఉంటుంది. ఒకటి దాటిందంటే, రాయి పడ్డ కొద్ది క్షణాల్లోనే ఉపరితలం రంపపు పళ్లలా మారుతుంది. ఒక స్తంభం పైకి, పక్కది కిందికి, తర్వాతది మళ్లీ పైకి. ఆ పళ్లు ప్రతి ఫ్రేముకూ ఇంకా పెరిగి తెర దాటిపోతాయి. కాసేపటికి అంకెలు కంప్యూటర్ పట్టలేనంత పెద్దవై మడుగే మాయమవుతుంది.

దీని కారణాన్ని ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు పుట్టకముందే, 1928లో, కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితవేత్తలు తేల్చారు. మన లెక్కలో ప్రతి స్తంభమూ తన పక్కనున్న రెంటినే చూస్తుంది. కాబట్టి ఒక్క అడుగు లెక్కలో కబురు ఒక్క స్తంభమే దాటగలదు. అల అంతకంటే వేగంగా నడవాలని అడిగితే, అందని కబురు ఆధారంగా కదలమని స్తంభాలను ఆదేశించినట్టే. అప్పుడు ప్రతి దిద్దుబాటూ హద్దు మీరి, తర్వాతి దిద్దుబాటు ఇంకా మీరుతుంది. రంపపు పళ్లు కనిపిస్తే బొమ్మలోనో రంగులోనో తప్పు వెతకనక్కర్లేదు. వేగం హద్దు దాటిందని దానికదే చెబుతోంది.

సరైన దారి ఒక్క ఫ్రేములో లెక్కను చిన్న చిన్న అడుగులుగా చాలాసార్లు చేయడం. నాలుగుసార్లు చేస్తే `c` 0.25గానే ఉంచి అలను సెకనుకు 480 పిక్సెళ్ల దాకా నడిపించవచ్చు. కాకపోతే ఊగడం కూడా నాలుగు రెట్లు వేగమవుతుంది. అది పాత తీరులోనే ఉండాలంటే `d`ని నాలుగో వంతుకు, `k`ని పదహారో వంతుకు తగ్గించాలి. ఊగే కాలం `k` వర్గమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టే ఈ పదహారు. ఫోన్లలో 60, 90, 120 ఫ్రేముల తెరలున్నాయి. లెక్కను ఫ్రేములకు ముడిపెడితే ఒకే ఆటలో నీరు ఒక ఫోన్‌లో నెమ్మదిగా, మరోదానిలో రెండింతల వేగంగా కదులుతుంది. అందుకే అడుగుల సంఖ్యను తెరకు కాక గడియారానికి ముడిపెట్టాలి.

మరో తప్పు అంత గట్టిగా అరవదు, కానీ కన్ను పట్టేస్తుంది. పైన రాసిన కోడులో రెండు వేరు వేరు వరుసలున్నాయి. ముందు అన్ని స్తంభాల మీదా బలాలు లెక్కకట్టి, ఆ తర్వాతే వాటిని కదపాలి. రెండూ ఒకే వరుసలో చేస్తే, ఎడమ స్తంభం కొత్త ఎత్తును చూసి కుడి స్తంభం వెంటనే కదులుతుంది, దాన్ని చూసి ఆ పక్కది. కబురు కుడివైపు ఒక్క అడుగులోనే చాలా దూరం పోతుంది, ఎడమవైపు మాత్రం మామూలుగా నడుస్తుంది. మడుగు సరిగ్గా మధ్యలో రాయి వేసి, రెండు అలలూ ఒకేసారి రెండు గట్లనూ తాకాయో లేదో చూస్తే ఈ తప్పు బయటపడుతుంది. గట్టు దగ్గరి స్తంభాన్ని కదలకుండా బిగిస్తే అల తలకిందులై తిరిగొస్తుంది. నిజమైన నీరు గోడను తాకినప్పుడు పైకి లేస్తుంది. అందుకే చివరి స్తంభానికి దాని పక్కదాని ఎత్తునే ఇచ్చాం.

ఇక రాయి సంగతి. గత ఫ్రేములో నీటి పైన, ఈ ఫ్రేములో నీటి కింద ఉంటే అది ఉపరితలం దాటినట్టు. దెబ్బ ఆ ఒక్కసారే పడాలి. ప్రతి ఫ్రేములోనూ ఇస్తే గుంట అంతులేకుండా దిగుతుంది. రాయి 20 పిక్సెళ్ల వెడల్పుంటే దాని కిందున్న ఐదు స్తంభాలకూ దెబ్బను పంచాలి. ఒకే స్తంభానికి ఇస్తే సూది గుచ్చినట్టు సన్నటి చీలిక ఏర్పడుతుంది. రాయి పక్కకు నెట్టిన నీరు ఎక్కడికో పోవాలి కదా! అందుకని అటూ ఇటూ ఉన్న స్తంభాలకు అంతే మొత్తంలో పైకి వేగం ఇస్తే నీటి పరిమాణం కాపాడినట్టవుతుంది, దృశ్యమూ సహజంగా ఉంటుంది. ఎగిరే తుంపర్లు ఈ స్తంభాల్లో భాగం కావు. వాటిని విడి బిందువులుగా పుట్టించి, గాలిలో వంపు తిరిగి పడేలా చేస్తారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఒక చోట ఒకే ఎత్తు ఉంటుంది కాబట్టి ముందుకు వంగి విరిగే కడలి కెరటాన్ని ఇది చూపలేదు. లోతైన నిజమైన నీటిలో పొడవాటి అలలు ముందు పరుగెత్తుతాయి. మీటరు పొడవున్న అల సెకనుకు సుమారు 1.25 మీటర్లు, పది సెంటీమీటర్ల అల సుమారు 40 సెంటీమీటర్లు నడుస్తాయి. స్ప్రింగుల వరుస ఈ నియమాన్ని పాటించదు. వంతెన కట్టే ఇంజనీరు, ఉప్పెన అంచనా వేసే శాస్త్రవేత్త దీన్ని నమ్ముకోకూడదు.

ఆట తయారుచేసేవాళ్లకు మాత్రం ఇది చాలు. కాస్త ప్రోగ్రామింగ్ తెలిసిన విద్యార్థి ఎవరైనా ఒక సాయంత్రంలో దీన్ని రాయగలరు. రాసేటప్పుడు రంగులు, నురగలు తర్వాతకు వదిలి, ముందు ఉత్త గీతగానే నీటిని చూడండి. మధ్యలో ఒకే రాయి వేయండి. రెండు అలలూ సమంగా నడిచి, గట్టు నుంచి నిలువుగా తిరిగొచ్చి, రంపపు పళ్లు లేకుండా సద్దుమణిగితే లెక్క సరైనదే. ఆ పరీక్ష నెగ్గాకే దానికి నీలిరంగు వేయండి.