మనవాళ్ల మీద మనమే రీసెర్చ్ చేస్తే?

ఆళ్లగడ్డ రాతి శిల్పుల మీద నా థీసిస్. అందులో నేనెవరో చెప్పే పేరా ఇదీ:

“మాది ఆళ్లగడ్డలో శిల్పుల కుటుంబం. నేను ఉలి పట్టలేదు, నంద్యాలలో చదువుకున్నాను. కొందరు ఓనర్లు నాకు బంధువులు. కూలి సంగతి పనివాళ్లు నాతో పూర్తిగా చెప్పి ఉండరు.”

మొదటి వాక్యంతో ఆపేస్తే, పని తెలిసినవాడే అనుకుంటారు. అందుకే ఉలి మాట పెట్టా. “నాకు పక్షపాతం లేదు” అని రాయలేదు, అది నేను తేల్చేది కాదు. కులం పేరొక్కటే రాస్తే చాలదు, అసలు చిక్కు బంధుత్వంలో ఉంది. ఓనర్ మేనల్లుడు అడిగితే “బాగనే ఇస్తారులేన్నా” అనే అంటారు కదా! అందుకని కూలి ప్రశ్నలు బయటి ఫ్రెండ్‌తో మళ్లీ అడిగించా, రెండు జవాబులూ పక్కపక్కనే ఇచ్చా. పని గురించిన ఇంటర్వ్యూలు మాత్రం నేనే చేశా. ఆ మాటలు నాకు ఇంట్లో విన్నవే, వాడికి కొత్త.