నోటీసు అందిన తరువాత

గత ఏడాది ఒక బుధవారం అస్ర్ నమాజు ముగిసిన తరువాత మా మొహల్లాకు చెందిన ఒక పెద్దమనిషి నాలుగు మడతలు పెట్టిన కాగితమొకటి తెచ్చి మా చేతికిచ్చారు. ఆయన కుమారుడు హైదరాబాదులో ఏసీ మెకానిక్. పెళ్ళయి రెండేళ్ళు దాటింది. కోడలు పుట్టింటికి వెళ్ళి, కట్నం కోసం వేధిస్తున్నారని భర్తపై ఫిర్యాదు చేసింది. ముందురోజు కానిస్టేబులు ఇంటికి వచ్చి, సెలవు మీద ఊళ్ళో ఉన్న ఆ యువకునితో సంతకం చేయించుకుని ఈ కాగితం ఇచ్చి వెళ్ళాడు. శుక్రవారం ఉదయం పదిన్నరకు స్టేషనుకు రావాలని అందులో ఉంది.

"మౌల్వీ సాబ్, వెళితే లోపల వేస్తారని అందరూ అంటున్నారు. పంపమంటారా, వద్దంటారా?" అని ఆయన అడిగారు.

ఆనాడు మేము చెప్పిన మాట ఇది: "శుక్రవారం జుమా తరువాత ఇరువైపుల పెద్దలను కూర్చోబెడదాం. రాజీ కుదిరితే స్టేషనుతో పని ఉండదు. అంతవరకు అబ్బాయిని హైదరాబాదులోనే ఉండమనండి."

మా మాట తప్పు. దాని మూల్యం ఆ కుటుంబం చెల్లించింది. ఇలాంటి కాగితం మరో ఇంటికి వచ్చినప్పుడు అదే తప్పు జరగకూడదని, ఆ తరువాత వకీళ్ళను అడిగి తెలుసుకున్న సంగతులను పాఠకుల ముందుంచుతున్నాము.

ఆ కాగితం ఏమిటి?

మన ప్రాంతంలో నేటికీ దానిని "41ఏ నోటీసు" అంటారు. పాత నేర విచారణ చట్టంలోని 41ఏ సెక్షను 2010 నవంబరు నుండి అమలులో ఉండేది. 2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చాక అదే ఏర్పాటు 35వ సెక్షనులోని మూడవ ఉపసెక్షనుగా మారింది. అందుకే ఇప్పటి నోటీసులపై "35(3)" అని కనిపిస్తుంది.

ఏడేళ్ళ వరకు మాత్రమే శిక్ష పడగల నేరాలలో, ఫిర్యాదు వచ్చిందన్న కారణంతోనే ఒక మనిషిని పోలీసులు అరెస్టు చేయరాదు. అరెస్టు అవసరమనడానికి చట్టం కొన్ని కారణాలు చెప్పింది. అతడు మళ్ళీ నేరం చేయకుండా ఆపడం, దర్యాప్తు సక్రమంగా సాగడం, సాక్ష్యాలను చెరపకుండా చూడడం, సాక్షులను బెదిరించకుండా లేక ప్రలోభపెట్టకుండా చూడడం, పిలిచినప్పుడు అతడు కోర్టుకు తప్పక వచ్చేలా చేయడం. వీటిలో ఏదో ఒకటి ఉన్నదని అధికారి నమ్మి, ఆ కారణాన్ని కాగితంపై వ్రాయాలి. అటువంటి అవసరం లేనప్పుడు అరెస్టుకు బదులు నోటీసు ఇచ్చి పిలిపించాలి.

మా ఎదుట ఉన్న కేసు భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను కింద నమోదైంది. పాత చట్టంలో 498ఏ అని అందరికీ తెలిసినది ఇదే. శిక్ష మూడేళ్ళ వరకు. ఇది నాన్‌బెయిలబుల్ నేరం. ఈ పదం వినగానే "అరెస్టు తప్పదు" అని చాలామంది అనుకుంటారు. దాని అర్థం అది కాదు. అరెస్టు జరిగితే బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇస్తేనే వస్తుంది అని మాత్రమే. 2014 జూలై 2న సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ కేసులో తీర్పు చెప్పింది కూడా కట్న వేధింపుల ఫిర్యాదు విషయంలోనే. ఇటువంటి కేసులలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని, కేసు నమోదైన రెండు వారాలలోగా నోటీసు అందించాలని, ఆ గడువును ఎస్పీ మాత్రమే కారణాలు వ్రాసి పొడిగించగలడని అన్ని రాష్ట్రాల పోలీసులను ఆదేశించింది.

అంటే ఆ పెద్దమనిషి చేతిలో ఉన్న కాగితం అరెస్టుకు తొలిమెట్టు కాదు. అతని కుమారుణ్ణి అరెస్టు చేయవలసిన అవసరం ప్రస్తుతానికి లేదని పోలీసులు తమ సంతకంతో ఇచ్చిన కాగితం అది. మేము దానిని తలక్రిందులుగా చదివాము.

వెళ్ళినవానికి ఉన్న రక్షణ

నోటీసు అందినవాడు దానిని పాటించడం అతని విధి అని చట్టం అంటుంది. ఆ వెంటనే ఇంకో మాట కూడా చెబుతుంది. పిలిచినప్పుడల్లా వస్తూ, షరతులను పాటిస్తున్నంత కాలం ఆ నేరం విషయంలో అతనిని అరెస్టు చేయరాదు. ఇది సంపూర్ణమైన హామీ కాదు. వచ్చినవానిని కూడా అరెస్టు చేయడం అవసరమని అధికారి భావిస్తే ఆ పని చేయవచ్చు, కానీ కారణాలు వ్రాయాలి. ఆ కారణాలు ఆ తరువాత మేజిస్ట్రేటు ముందుకు వెళతాయి. రాని మనిషి విషయంలో ఆ కారణం వెతకవలసిన పని అధికారికి ఉండదు. మనమే దానిని అతని చేతిలో పెడతాము.

మా మొహల్లాలో జరిగింది అక్షరాలా అదే.

గడువు దాటిన తరువాత

శుక్రవారం అతడు స్టేషనుకు వెళ్ళలేదు. ఎందుకు రాలేదో తెలుపుతూ ఒక్క ముక్క కూడా వ్రాసి పంపలేదు. జుమా తరువాత పెద్దలు కూర్చున్నారు గాని, కోడలి తరఫువారు రాలేదు. "అబ్బాయి తప్పించుకుని తిరుగుతున్నాడు, ఇక మాటలేమిటి?" అని కబురు పంపారు. వారంలో రెండవ నోటీసు వచ్చింది. దానికీ జవాబు లేదు. మరో పది రోజులకు పోలీసులు హైదరాబాదులో అతడు పనిచేసే చోటికే వెళ్ళి అరెస్టు చేశారు.

దీనికి ఆధారం అదే 35వ సెక్షనులోని ఆరవ ఉపసెక్షను. నోటీసును పాటించనివానిని, లేదా తానెవరో చెప్పుకోవడానికి నిరాకరించినవానిని, ఆ నోటీసులో పేర్కొన్న నేరానికే పోలీసులు అరెస్టు చేయవచ్చు. కోర్టు ఏదైనా ఉత్తరువు ఇచ్చి ఉంటే దానికి లోబడి చేయాలి. ఇక్కడ "చేయవచ్చు" అన్న పదాన్ని గమనించాలి. గైర్హాజరు అయిన ప్రతివానినీ అరెస్టు చేసి తీరాలని చట్టం అనలేదు. రాలేకపోవడానికి నిజమైన కారణం ఉండి, అది ముందుగా తెలిపి ఉంటే, ఆ సంగతిని వకీలు కోర్టులో చూపగలడు. మావాని విషయంలో చూపడానికి ఏ కాగితమూ లేదు.

అరెస్టయిన ఇరవైనాలుగు గంటలలోగా అతనిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచారు. పోలీసులు సమర్పించిన కారణాలలో మొదటిది "రెండు నోటీసులు అందినా హాజరు కాలేదు" అన్నది. వకీలు చేయగలిగింది చాలా తక్కువ. రిమాండు విధించారు. తొమ్మిదవ రోజున బెయిలు వచ్చింది. అప్పటికి హైదరాబాదులోని పని పోయింది. ఆ ఫిర్యాదులో నిజమెంత అన్నది కోర్టు తేల్చవలసిన విషయం, దానిపై మేము మాట్లాడము. కానీ ఆ తొమ్మిది రోజులు ఫిర్యాదు వలన వచ్చినవి కావు, పాటించని నోటీసు వలన వచ్చినవి.

మరీ దొరకకుండా పోయినవాని సంగతి ఇంతకంటె కష్టం. పోలీసులు కోర్టు నుండి వారెంటు తెస్తారు. అప్పటికీ దాగి ఉంటే కోర్టు, కనీసం ముప్పై రోజుల గడువు ఇచ్చి, ఫలానా చోట హాజరు కావాలని బహిరంగ ప్రకటన చేయవచ్చు, ఆస్తిని జప్తు చేయవచ్చు. ఆ ప్రకటనను లెక్కచేయకపోవడం దానంతటదే వేరే నేరం. దానికి మూడేళ్ళ వరకు శిక్ష ఉంది.

కాగితాన్ని ఎలా చదవాలి?

మొదట సెక్షను చూడాలి. 35(3) అని ఉంటే నేరం చేశాడన్న ఫిర్యాదు లేక అనుమానం ఆ వ్యక్తిపైనే ఉందని అర్థం. 179 అని ఉంటే సాక్షిగా పిలిచారని అర్థం. స్త్రీలను, అరవై దాటిన పురుషులను సాక్షులుగా విచారించేటప్పుడు వారి ఇంటికి కాక మరెక్కడికీ రమ్మనకూడదు. తరువాత ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషను పేరు, రావలసిన తేదీ, వేళ, స్థలం, అధికారి పేరు, హోదా, ముద్ర ఉన్నాయా అని చూడాలి.

వాట్సాప్‌లో వచ్చిన నోటీసు మాటేమిటని పలువురు మమ్మల్ని అడిగారు. 2025 జనవరి 21న సతేందర్ కుమార్ అంటిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ నోటీసును వాట్సాప్ వంటి మార్గాలలో అందించడం చెల్లదని చెప్పింది. దానిని సడలించమని హర్యానా ప్రభుత్వం కోరగా అదే ఏడాది జూలైలో నిరాకరించింది. పాటించకపోతే మనిషి స్వేచ్ఛకే ముప్పు వచ్చే కాగితం కనుక అది చట్టం చెప్పిన పద్ధతిలోనే అందాలన్నది అందులోని భావం. అయినా ఫోనులో వచ్చిందని చెరిపివేసి ఊరుకోవడం మంచిది కాదు. వకీలు ద్వారా ఆ స్టేషనులో విచారించి, కేసు నిజమైతే కాగితం రూపంలో నోటీసు ఇమ్మని వ్రాతపూర్వకంగా కోరాలి. వీడియో కాల్‌లో "నిన్ను అరెస్టు చేశాం, డబ్బు పంపు" అనేవారు మాత్రం మోసగాళ్ళే. అటువంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

వెళ్ళేటప్పుడు, వెళ్ళలేనప్పుడు

వెళ్ళేవారు నోటీసు నకలును, గుర్తింపు కార్డును వెంట తీసుకువెళ్ళాలి. వీలైతే వకీలును తోడు తీసుకోవాలి. వచ్చిన తేదీ, వేళ నోటీసు నకలుపై వ్రాసి ఇమ్మని మర్యాదగా అడగాలి. రేపు "రాలేదు" అన్న మాట వస్తే ఆదుకునేది ఆ ఒక్క వ్రాతే. దర్యాప్తులో చెప్పిన వాంగ్మూలంపై సంతకం చేయించకూడదని చట్టమే అంటుంది. ఖాళీ కాగితంపై ఎవరు అడిగినా సంతకం పెట్టరాదు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణంలో ఉంది. అలాగని అబద్ధం చెప్పడానికి అది అనుమతి కాదు.

జబ్బు, ప్రయాణం, ఇంట్లో మరణం వంటి కారణాలతో వెళ్ళలేకపోతే, గడువుకు ముందే దర్యాప్తు అధికారికి ఉత్తరం వ్రాసి, ఆధారం జతచేసి, మరో తేదీ కోరాలి. దానిని స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపాలి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం మిగలదు. గడువు దాటిపోయి ఉంటే, దాగడం మాని అదే రోజు వకీలును కలవాలి. ఆలస్యానికి కారణం వ్రాసి, వచ్చే తేదీ తెలిపి, ఆ తేదీన వెళ్ళాలి. అరెస్టు భయం నిజంగా ఉంటే 482వ సెక్షను కింద ముందస్తు బెయిలుకు సెషన్సు కోర్టును గాని హైకోర్టును గాని ఆశ్రయించవచ్చు. అక్కడ కూడా దర్యాప్తుకు సహకరించాడా అన్న ప్రశ్న తప్పక వస్తుంది.

రాజీ ప్రయత్నం మంచిదే. అది నోటీసు తేదీని ఆపదు. రెండూ వేర్వేరు దారులు, రెండింటిలోనూ ఒకేసారి నడవవచ్చు. ఈ ఏడాది మరో తండ్రి ఇటువంటి కాగితమే తెచ్చినప్పుడు మేము పెద్దల సమావేశం మాట ఎత్తలేదు. తేదీ ఏమిటని మాత్రమే అడిగాము. సోమవారం అన్నాడు. ఆదివారమే వకీలు ఇంటికి పంపించాము. సోమవారం కుమారుడు స్టేషనుకు వెళ్ళి, నకలుపై వేళ వ్రాయించుకుని, సాయంత్రం మగ్రిబ్ నమాజుకు మా మసీదుకే వచ్చాడు. పెద్దల సమావేశం ఆ తరువాతి ఆదివారం జరిగింది. ఈసారి అమ్మాయి తరఫువారు కూడా వచ్చారు.