బాగున్నానని మానేసిన మాత్ర

తెనాలిలో కిరాణా కొట్టు నడిపే యాభై రెండేళ్ల మనిషి కథ ఇది. మనిషి కల్పితమే గానీ, ఇలాంటి వాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. హెర్నియా ఆపరేషన్‌కని వెళ్తే బీపీ 172/104 అని తేలింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు. డాక్టరు రోజుకొక అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు.

చిక్కు అక్కడే మొదలైంది. మాత్ర వేసుకున్న మొదటి రెండు వారాలూ ఆయనకు నీరసంగా ఉండేది. కింది అరలోని డబ్బా తీసి లేస్తే కళ్లు తిరిగేవి. సాయంత్రానికి పాదాలు వాచి, చెప్పుల పట్టీల ముద్రలు పడేవి. మాత్ర లేనప్పుడు హాయిగా ఉన్న మనిషికి మాత్రతో సుస్తీ చేసినట్టయింది.

దీనికి కారణం ఉంది. మెడలోని పెద్ద రక్తనాళం రెండుగా చీలే చోట రక్తపోటును కనిపెట్టే నాడులుంటాయి. పోటు కాస్త పెరిగితే గుండెను నెమ్మదించమని, తగ్గితే వేగం పెంచమని అవి మెదడు ద్వారా చెప్పిస్తాయి. ఏళ్ల తరబడి పోటు ఎక్కువగానే ఉంటే అవి దానికి అలవాటు పడి, 170నే మామూలు అనుకుంటాయి. మెదడులోని సన్నని నాళాలూ ఆ ఒత్తిడికే సర్దుకుంటాయి. అందుకే పోటు పెరిగినా ఒంటికి తెలియదు, మందుతో తగ్గితే మాత్రం ఏదో తక్కువైనట్టు అనిపిస్తుంది. కొన్ని వారాలు ఆగితే శరీరం కొత్త అంకెకు మెల్లగా అలవాటు పడుతుంది. కాళ్ల వాపు వేరే సంగతి, అది అమ్లోడిపిన్‌తో కొందరికి వచ్చే దుష్ప్రభావం.

రెండు నెలలకు బీపీ 128/82కి దిగింది. నీరసమూ పోయింది. "ఇప్పుడు అంతా బాగానే ఉందిగా, ఇంకా మాత్రలెందుకు?" అన్నాడాయన. "డాక్టరు గారిని ఒక్క మాట అడగండి" అంది భార్య. అడగలేదు, మానేశాడు.

మూడో రోజు మందుల షాపులో బీపీ చూపించుకున్నాడు. 134/84. "చూశావా, మాత్ర లేకపోయినా నార్మలే!" అని ఇంటికొచ్చి చెప్పాడు. అసలు మోసం ఈ అంకెలోనే ఉంది. రక్తంలో అమ్లోడిపిన్ సగానికి తగ్గడానికి దాదాపు నలభై గంటలు పడుతుంది. అంటే మూడో రోజుకు కూడా నాలుగో వంతుకు పైగా మందు ఒంట్లో పనిచేస్తూనే ఉంది. ఆ రోజు పరికరం చూపింది ఆయన సొంత బీపీని కాదు, మిగిలిన మందు పనితనాన్ని. వారం గడిచేసరికి మందు దాదాపు పూర్తిగా దిగిపోయింది, పోటు మెల్లగా ఎక్కింది. పాదాల వాపు పోవడంతో "మానేశాకే ఒళ్లు తేలికైంది" అని నమ్మకం గట్టిపడింది. మళ్లీ బీపీ చూపించుకోలేదు.

మాత్ర మానిన వాళ్లలో చాలామందికి కొన్ని నెలల్లో పోటు తిరిగి పెరుగుతుంది. బరువు, ఉప్పు బాగా తగ్గించుకున్న కొద్దిమందికి మందు తగ్గించడం కుదరొచ్చు. అయితే అది డాక్టరు చూస్తూ, వారాల తరబడి బీపీ కొలుస్తూ చేయాల్సిన పని. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవారైతే అసలు ఒక్కసారిగా ఆపకూడదు. గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, గుండెజబ్బు ఉన్నవారికి గుండెనొప్పి రావచ్చు.

పద్నాలుగు నెలల తర్వాత ఒకరోజు ఉదయం ఏడు గంటలకు పంచదార తూస్తుంటే కుడిచేతిలోంచి గరిటె జారిపోయింది. మాట ముద్దగా వచ్చింది. గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదిన్నర. మెదడు లోపలి సన్నని రక్తనాళం మూసుకుపోయింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. కానీ ఆయన బీపీ 206/114 ఉంది. 185/110 కన్నా ఎక్కువుంటే మెదడులో రక్తస్రావం భయంతో ఆ ఇంజెక్షన్ ఇవ్వరు. ముందు పోటు దించాలి. ఆ దించడానికే గంట పట్టింది. గడువు దాటకముందే ఇంజెక్షన్ పడింది. మనిషి నడుస్తున్నాడు గానీ, ఖాతా పుస్తకంలో రాసే అక్షరాలు గీత దాటి పక్కకు పోతున్నాయి.

డాక్టరు ఆయనకు ఇప్పుడు అమ్లోడిపిన్ మోతాదు తగ్గించి, తోడుగా టెల్మిసార్టాన్ ఇస్తున్నారు. ఈ జంటతో కాళ్ల వాపు చాలామందిలో తగ్గుతుంది. వాపు గురించి మొదట్లోనే చెప్పి ఉంటే ఈ మార్పు అప్పుడే జరిగేది.

మీ ఇంట్లో ఎవరైనా బీపీ మాత్ర మానేసి ఉంటే, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తులో ఉంచి ఇవాళే బీపీ చూడండి. మానేసి వారం కూడా కాకపోతే ఆ అంకెను నమ్మకండి, పది రోజుల తర్వాత మళ్లీ కొలవండి. ఈలోగా డాక్టరును కలిసి ఎందుకు మానేశారో ఉన్నదున్నట్టు చెప్పండి.