‘బాగుందండీ’ అంటే సరిపోదు

“మా భోజనం ఎలా ఉంది?” అని ఫోన్‌లో అడిగితే చాలామంది మొహమాటానికి “బాగుందండీ” అనేస్తారు. “నిన్న క్యారేజీ ఎన్నింటికి అందింది? ఏం మిగిలిపోయింది?” అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఇళ్లకు క్యారేజీలు పంపే ఒక మెస్ ఉందనుకుందాం. మానేసినవాళ్లతో సహా 20 మందికి ఫోన్ చేసి, వాళ్ల మాటలు ఉన్నదున్నట్టు రాసుకున్నారు. తొమ్మిదిమంది అన్నం చల్లారిపోతోందన్నారు, ఇద్దరు కారం ఎక్కువన్నారు. ఆ తొమ్మిదిమందిలో ఏడుగురు ఒకే రూటు చివర ఉన్నవాళ్లు. అంటే లోపం వంటలో కాదు, చేరవేతలో. ఆ రూటును రెండుగా విడగొట్టి, రెండు వారాలయ్యాక ఆ తొమ్మిదిమందికే మళ్లీ ఫోన్ చేయాలి. వేడిగా అందుతోందంటేనే మార్పు పనిచేసినట్టు. కారం మాట మరికొందరు అనేదాకా ఆగొచ్చు.