పెళ్లి ఆగింది, అడ్వాన్సు సంగతేమిటి?

విజయవాడలో ఒక పెళ్లి ఫొటోగ్రాఫర్ ఉన్నాడనుకుందాం. ఫిబ్రవరిలో, మాఘమాసపు ముహూర్తానికి ఒక పెళ్లి ఒప్పుకున్నాడు. మొత్తం ప్యాకేజీ 1,50,000 రూపాయలు. సెప్టెంబరులో తేదీ ఖాయం చేసుకున్న రోజున పెళ్లికూతురి తండ్రి 30,000 ఇచ్చాడు, జనవరి మొదట్లో రెండో విడతగా మరో 45,000 పంపాడు. పెళ్లి 24 రోజులుందనగా ఆయన దగ్గర్నుంచి వాట్సాప్‌లో కబురొచ్చింది. సంబంధం తప్పిపోయింది, పెళ్లి లేదు, ఇచ్చిన డబ్బు వెనక్కి పంపండి అని.

ఫొటోగ్రాఫర్ అప్పటికప్పుడు టైప్ చేసిన జవాబు ఇలా ఉంది:

"సారీ సార్. అడ్వాన్స్ నాన్ రిఫండబుల్. రసీదు మీద క్లియర్‌గా రాసి ఉంది. ఏ కారణంతో క్యాన్సిల్ చేసినా డబ్బు వాపసు ఇవ్వకపోవడం మా రూల్. మీ వల్ల మాకూ చాలా నష్టం జరిగింది. అర్థం చేసుకోండి."

ఫంక్షన్ హాళ్లు, డెకరేషన్, క్యాటరింగ్ వాళ్ల ఫోన్లలోనూ దాదాపు ఇవే మాటలు కనిపిస్తాయి. లెక్కలు ఇక్కడ నమూనాకు వేసుకున్నవే అయినా గొడవ మాత్రం ప్రతి ముహూర్తాల సీజన్‌లోనూ వచ్చేదే. ఈ మెసేజ్‌లో మర్యాద లోపించిందన్నది పైకి కనిపించే లోపం. "దయచేసి" అని నాలుగుచోట్ల చేర్చినా లోపలి లోపాలు మాత్రం అలాగే ఉంటాయి.

అన్నిటికన్నా పెద్దది "అడ్వాన్స్" అన్న మాటలోనే ఉంది. ఏ అడ్వాన్సు? తేదీ పట్టుకోవడానికి ఇచ్చిన 30,000 ఒకటి, జరగబోయే పనికి విడతగా ఇచ్చిన 45,000 ఇంకొకటి. మెసేజ్ రెండింటినీ ఒకే ముద్ద చేసి మొత్తం 75,000 తనదే అంటోంది. అసలు కెమెరా సంచీ కూడా తెరవలేదు, ఆల్బమ్ అచ్చు కాలేదు, ఎడిటింగ్ జరగలేదు. చేయని పనికి తీసుకున్న విడతను ఉంచుకోవడానికి ఆయన దగ్గర కారణమేదీ లేదు. బుకింగ్ సొమ్ము తిరిగి ఇవ్వనవసరం లేదన్న షరతు చాటున ఆ 45,000 కూడా ఆగిపోయింది.

రెండో లోపం, రూలునే కారణంగా చూపించడం. రసీదు మీద ఏం రాసి ఉందో తండ్రికి తెలుసు. అలా ఎందుకు రాసుకున్నారన్నదే ఆయనకు తెలియదు. "చాలా నష్టం" అన్నారే కానీ, ఎంతో, దేనివల్లో చెప్పలేదు. ఆ లెక్క చెప్పనంతవరకూ, జరగని పెళ్లికి 75,000 మింగేశారనే ఆయన అనుకుంటాడు.

ఈ విషయంలో చట్టం కూడా లెక్కే అడుగుతుంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం తప్పితే ఇంత చెల్లించాలని కాగితం మీద రాసుకున్నా, దక్కేది సమంజసమైన పరిహారం మాత్రమే. రాసుకున్న మొత్తం ఆ పరిహారానికి గరిష్ఠ పరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కూడా జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా విధించే షరతును అన్యాయమైన ఒప్పందాల జాబితాలో చేర్చింది.

మౌలా బక్స్ కేసులో సుప్రీంకోర్టు 1969లో ఇచ్చిన తీర్పు దీనికి మంచి ఉదాహరణ. ఆయన సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేస్తానని 1947లో రెండు ఒప్పందాలు చేసుకుని, మొత్తం 18,500 రూపాయలు డిపాజిట్ కట్టాడు. సరఫరాలో విఫలమయ్యాడు. ప్రభుత్వం ఒప్పందాలు రద్దు చేసి డిపాజిట్ జప్తు చేసుకుంది. తప్పు కాంట్రాక్టరుదే అయినా, తనకు ఎంత నష్టమొచ్చిందో ప్రభుత్వం రుజువు చేయలేదు. బంగాళాదుంపలకు, గుడ్లకు బజారు ధర ఉంటుంది కాబట్టి నష్టాన్ని లెక్కగట్టడం కష్టం కాదు, అయినా చూపలేదు గనక సొమ్ము తిరిగి ఇవ్వాలని కోర్టు తేల్చింది.

2015లో కైలాశ్‌నాథ్ అసోసియేట్స్ కేసులోనూ ఇలాంటిదే జరిగింది. ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక ప్లాటుకు కట్టించుకున్న 78 లక్షల రూపాయల ధరావతును జప్తు చేసింది. 3.12 కోట్లకు పాట పాడిన అదే ప్లాటును తర్వాత 11.78 కోట్లకు అమ్ముకుంది. కొనుగోలుదారు ఒప్పందం తప్పలేదు, పైగా అథారిటీకి నష్టమే రాలేదు అంటూ కోర్టు ఆ సొమ్ము వాపసు ఇప్పించింది. అదే తీర్పులో వ్యాపారులకు పనికొచ్చే మాట కూడా ఉంది. నష్టాన్ని కచ్చితంగా రుజువు చేయడం కష్టమైన చోట, ముందుగా నిజాయితీగా అంచనా వేసి రాసుకున్న మొత్తం సమంజసంగా ఉంటే దాన్ని ఇప్పించవచ్చు.

పెళ్లి తేదీ అలాంటి సరుకే. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాల్లో మన పెళ్లిళ్లు ఉండవు. గురు, శుక్ర మూఢాలు వచ్చాయంటే మరికొన్ని వారాలు పోతాయి. దాంతో ఊళ్లోని పెళ్లిళ్లన్నీ మిగిలిన కొన్ని తేదీల మీదే పడతాయి. ఆ ముహూర్తానికి పెళ్లి పెట్టుకున్న కుటుంబాలు ఫంక్షన్ హాలుతోపాటే ఫొటోగ్రాఫర్‌నీ నెలల ముందు మాట్లాడుకుంటాయి. కాబట్టి సెప్టెంబరులో అమ్ముడుపోయే ఫిబ్రవరి తేదీని జనవరి చివర అడిగేవాళ్లు అరుదు. పోయిన తేదీ విలువ ఇంత అని రూపాయి తేడా లేకుండా ఎవరూ చెప్పలేరు, కానీ అంచనా వేయవచ్చు.

మన ఫొటోగ్రాఫర్ ఆ అంచనాను కాగితం మీద పెట్టి చూసుకోవాలి. ఈ పెళ్లి జరిగి ఉంటే ఖర్చులు పోను ఆయనకు 40,000 మిగిలేది. క్యాండిడ్ ఫొటోలు తీసేవాడికి 10,000, డ్రోన్ నడిపేవాడికి 4,000 ముందే ఇచ్చేశాడు. అవి తిరిగి రావు. ఎల్ఈడీ స్క్రీన్ వాడికి ఇచ్చిన 5,000 మరో ఫంక్షన్‌కు సర్దుబాటయింది కాబట్టి దాన్ని నష్టంలో కలపకూడదు. మొత్తం నష్టం 54,000. ఉంచుకుంటానంటున్నది 30,000. ఇది నష్టానికి లోపలే ఉంది, ప్యాకేజీలో అయిదో వంతు. అదే 75,000 ఉంచుకుంటే, నష్టంకన్నా 21,000 ఎక్కువ జేబులో వేసుకున్నట్టు.

ఈ లెక్క తేలాక మెసేజ్ రాయడం పెద్ద పని కాదు. తిరిగి ఇచ్చేది ముందు చెప్పాలి. ఉంచుకునేది తర్వాత, కారణంతో సహా చెప్పాలి. ఆ కారణాలు అవతలివాళ్లు కావాలంటే సరిచూసుకోగలిగినవై ఉండాలి.

"నమస్కారం సార్. పెళ్లి ఆగిపోయిందని విని చాలా బాధ కలిగింది. ఇలాంటప్పుడు మిమ్మల్ని పదేపదే ఇబ్బంది పెట్టకూడదని లెక్కంతా ఒకేసారి రాస్తున్నాను.

మీరిచ్చింది మొత్తం 75,000. జనవరిలో ఇచ్చిన రెండో విడత 45,000 పూర్తిగా వెనక్కి పంపుతున్నాం. మీరు పంపిన ఖాతాకే ఈ శుక్రవారంలోగా వస్తుంది.

సెప్టెంబరులో బుకింగ్‌కు ఇచ్చిన 30,000 మాత్రం తిరిగి ఇవ్వలేకపోతున్నాం. ఆ రోజును మీ ఇంటి పెళ్లికే కేటాయించినందుకు తీసుకున్న సొమ్ము అది. తర్వాత అదే ముహూర్తానికి వచ్చిన రెండు పెళ్లిళ్లను మేం ఒప్పుకోలేదు. క్యాండిడ్ ఫొటోగ్రాఫర్‌కు 10,000, డ్రోన్‌కు 4,000 కూడా ఇచ్చేశాం, అవి మాకు రావు. మీరు సంతకం చేసిన రసీదులో ఈ షరతు మూడోది, ఫొటో జతచేశాను.

ఆ తేదీకి మాకు వేరే పని దొరికితే, మా నష్టం ఎంత తగ్గిందో చూసి ఆ మేరకు ఇందులోంచి మీకు పంపుతాం. ఏమన్నా అడగాలంటే ఎప్పుడైనా ఫోన్ చేయండి సార్."

ఇందులో లేనివాటినీ గమనించాలి. సంబంధం ఎందుకు తప్పిందన్న ప్రస్తావన లేదు. "మీ వల్ల" అన్న మాట పోయింది. సెక్షన్ల నంబర్లు లేవు. మొదటి జవాబులోనే చట్టం ఎత్తితే అవతలివాళ్లు లాయరును వెతుక్కుంటారు. మళ్లీ పెళ్లి కుదిరినప్పుడు డిస్కౌంటు ఇస్తామన్న మాట కూడా లేదు. సంబంధం తప్పిన వారంలోనే ఆడపిల్ల తండ్రికి అలాంటి ఆఫర్ పంపితే అది వెటకారంలా తగులుతుంది. నిజంగా ఇవ్వాలనుంటే, ఆయన ఫోన్ చేసినప్పుడు చెప్పవచ్చు.

చివరి పేరాలోని హామీకి చాలామంది వ్యాపారులు జంకుతారు. లెక్క చూస్తే అంత భయపడాల్సిందేమీ లేదు. ఆ రోజుకే 60,000కు ఒక ఓణీల ఫంక్షన్ దొరికిందనుకుందాం. అదే క్యాండిడ్ ఫొటోగ్రాఫర్, అదే డ్రోన్ అక్కడికి వెళ్తారు కనక 14,000 వృథా కాలేదు. ఖర్చులన్నీ పోను 25,000 మిగిలింది. పెళ్లి జరిగితే మిగిలే 40,000తో పోలిస్తే ఇప్పుడు తక్కువైంది 15,000. 30,000లోంచి అది ఉంచుకుని, మిగతా 15,000 పంపేయాలి. పంపకుండా పూర్తిగా ఉంచుకుంటే, ప్లాటును ఎక్కువ ధరకు అమ్ముకుని ధరావతు కూడా మింగాలని చూసిన ఢిల్లీ అథారిటీ పరిస్థితే వస్తుంది.

ఎంత బాగా రాసినా మెసేజ్ కాపాడలేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. డబ్బు తీసుకున్న రోజున షరతు చెప్పకుండా, రద్దయ్యాక కొత్తగా వినిపిస్తే నిలబడదు. రసీదు వెనక కంటికి ఆనని అక్షరాల్లో, చదవలేని భాషలో అచ్చేసి సంతకం కూడా తీసుకోకపోతే, షరతు తెలియజేశామని చెప్పుకోవడం కష్టం. ఫొటోగ్రాఫరే రాలేనన్నప్పుడు ఈ షరతు అసలు వర్తించదు, తీసుకున్నదంతా ఇవ్వాల్సిందే. 2020 లాక్‌డౌన్‌లోలాగా ప్రభుత్వ ఉత్తర్వుతో పెళ్లే జరపలేని స్థితి వస్తే, అది తండ్రి రద్దు చేసుకున్నట్టు కాదు. నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 56, అలాంటప్పుడు పొందిన ప్రయోజనాన్ని తిరిగి ఇవ్వాలని సెక్షన్ 65 చెబుతాయి.

కాబట్టి మరమ్మతు రసీదు దగ్గరే మొదలవ్వాలి. "అడ్వాన్స్ వాపసు లేదు" అన్న ముక్క తీసేసి, ముందు వైపునే, మామూలు సైజు అక్షరాల్లో ఇలా అచ్చేయించుకోవచ్చు: "ఈ 30,000 రూపాయలు పై తేదీని మీకోసం కేటాయించినందుకు. మీరు రద్దు చేసుకుంటే ఇది తిరిగి ఇవ్వబడదు. ఆ తేదీకి మాకు వేరే పని దొరికితే మా నష్టం పోను మిగిలింది ఇస్తాం. తర్వాతి విడతల్లో, చేయని పనికి సంబంధించిన సొమ్ము పూర్తిగా తిరిగి ఇస్తాం." దాని కిందే సంతకం, తేదీ. ఇచ్చేటప్పుడు ఒకసారి చదివి వినిపించి, సంతకం అయిన కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, ఏ షరతుకు ఏ రోజున ఒప్పుకున్నారో ఇద్దరి ఫోన్లలోనూ ఉంటుంది.