మూడు పెట్టుబడుల రిస్క్‌ను మాత్రికతో కొలవడం

ఒక పోర్ట్‌ఫోలియో రాబడి తన సగటు చుట్టూ ఎంత ఊగిసలాడుతుందో చెప్పే కొలత వేరియన్స్. దాని వర్గమూలమే ప్రామాణిక విచలనం. పోర్ట్‌ఫోలియోలోని ఒక్కో పెట్టుబడి వేరియన్స్ తెలిసినంత మాత్రాన మొత్తం వేరియన్స్ తెలియదు. ఒకటి పెరిగినప్పుడు మరొకటి దానితో పాటు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది కూడా లెక్కలోకి రావాలి. ఈ జంట కదలికను కొలిచేది కోవేరియన్స్. హ్యారీ మార్కోవిట్జ్ 1952లో ప్రచురించిన వ్యాసంలో పోర్ట్‌ఫోలియో రిస్క్‌కు ఈ గణిత రూపం ఇచ్చారు. 1990లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకరు.

ఉదాహరణకు ఒక మదుపరి సొమ్ములో 50 శాతం షేర్ల ఫండ్‌లో, 20 శాతం బంగారంలో, 30 శాతం ప్రభుత్వ బాండ్లలో ఉందనుకుందాం. ఏడాది రాబడిలో వీటి ప్రామాణిక విచలనాలు వరుసగా 20, 15, 5 శాతం. షేర్లకూ బంగారానికీ మధ్య సహసంబంధ గుణకం –0.1. మిగిలిన రెండు జంటలకూ అది 0.2. ఇవన్నీ లెక్క కోసం తీసుకున్న అంకెలే. గుణకాన్ని ఆ జంటలోని రెండు విచలనాలతో గుణిస్తే కోవేరియన్స్ వస్తుంది. షేర్లు, బంగారం జంటకు అది –0.1 × 20 × 15, అంటే –30. అన్నిటినీ ఇలాగే లెక్కించి షేర్లు, బంగారం, బాండ్ల క్రమంలో పేర్చితే మాత్రిక, దాని పక్కన వాటాల సదిశ ఇలా ఉంటాయి:

```
     [ 400  -30   20 ]       [ 0.5 ]
Σ =  [ -30  225   15 ]   w = [ 0.2 ]
     [  20   15   25 ]       [ 0.3 ]
```

ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు వచ్చే కర్ణం మీద ఉన్నవి వేరియన్స్‌లు. కర్ణానికి రెండు వైపులా ఉన్నవి కోవేరియన్స్‌లు. బంగారంతో షేర్లకున్న సంబంధం, షేర్లతో బంగారానికున్న సంబంధం ఒకటే కాబట్టి ప్రతి జంటా రెండుసార్లు కనిపిస్తుంది.

పోర్ట్‌ఫోలియో వేరియన్స్‌కు సూత్రం wᵀΣw. ముందు మాత్రికను నిలువు సదిశతో గుణించాలి. అంటే ఒక్కో అడ్డువరుసలోని అంకెలను వాటాలతో గుణించి కూడాలి.

```
400(0.5) - 30(0.2) + 20(0.3) = 200
-30(0.5) + 225(0.2) + 15(0.3) = 34.5
 20(0.5) + 15(0.2) + 25(0.3) = 20.5
```

తర్వాత ఈ మూడింటినీ మళ్లీ వాటాలతో గుణించి కూడాలి. 0.5 × 200 = 100, 0.2 × 34.5 = 6.9, 0.3 × 20.5 = 6.15. మొత్తం 113.05. దీని వర్గమూలం సుమారు 10.63 శాతం. మూడు విచలనాలకు వాటాల ప్రకారం సగటు తీస్తే 14.5 శాతం వస్తుంది. ఈ రెండింటి తేడాయే సొమ్మును మూడు చోట్ల పెట్టడం వల్ల తగ్గిన రిస్క్.

మధ్యలో వచ్చిన 200, 34.5, 20.5 తుది జవాబుకు మెట్లు మాత్రమే కావు. ఒక్కో పెట్టుబడికి మొత్తం పోర్ట్‌ఫోలియోతో ఉన్న కోవేరియన్స్ అదే. వాటిని వాటాలతో గుణించగా వచ్చిన 100, 6.9, 6.15 మొత్తం వేరియన్స్‌లో ఎవరి భాగం ఎంతో చెబుతాయి. 113.05లో 100 అంటే 88 శాతానికి పైనే. షేర్లలో ఉన్నది సగం సొమ్మే అయినా రిస్క్‌లో దాదాపు పదింట తొమ్మిది వంతులు అటు నుంచే వస్తోంది. బాండ్లకు సొమ్ములో 30 శాతం దక్కినా రిస్క్‌లో వాటి భాగం 5 శాతం పైచిలుకే.

ఎక్సెల్‌లో ఈ పనంతా ఒక్క వరుసలో అవుతుంది. మాత్రిక A1:C3లో, వాటాలు E1:E3లో ఉంటే ఇలా రాయాలి:

```
=MMULT(TRANSPOSE(E1:E3), MMULT(A1:C3, E1:E3))
```

పాత వెర్షన్లలో దీన్ని Ctrl+Shift+Enter నొక్కి ఇవ్వాలి.

చేతితో లెక్కించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు జంట పదాలను రెట్టింపు చేయకపోవడం. మాత్రికతో చేస్తే ఆ రెట్టింపు దానంతటదే జరిగిపోతుంది. రెండో పొరపాటు కాలవ్యవధిది. నెలవారీ రాబడులతో కట్టిన మాత్రికను ఏడాదికి మార్చాలంటే, ఒక నెల రాబడికి మరో నెలతో సంబంధం లేదనుకుని, 12తో గుణించాలి. 12 వర్గమూలంతో గుణించాల్సింది ప్రామాణిక విచలనాన్నే. ఇక జవాబు రుణసంఖ్యగా వస్తే తప్పు మాత్రికలోనే ఉన్నట్టు. వేరియన్స్ ఎన్నడూ సున్నా కంటే తగ్గదు. ఒక్కో జంటకు ఒక్కో కాలపు ధరలు తీసుకుని లెక్కిస్తే, కలిసి ఉండడం సాధ్యం కాని సంబంధాలు ఒకే మాత్రికలోకి చేరవచ్చు.

గుణకారం సరిగ్గా ఉన్నా, మాత్రికలోని అంకెలు గతానికి చెందినవి. షేర్లకూ బంగారానికీ మధ్య గుణకం –0.1 నుంచి 0.4కు మారితే ఆ కోవేరియన్స్ –30 నుంచి 120కి చేరుతుంది. అప్పుడు మొత్తం వేరియన్స్ 143.05, విచలనం దాదాపు 11.96 శాతం అవుతాయి. వాటాల్లో ఒక్క రూపాయి కూడా మారకుండానే రిస్క్ పెరిగిపోతుంది. అందుకే ఒక్క జవాబుతో ఆగకుండా, గుణకాలను పైకీ కిందికీ మార్చి అదే లెక్కను మళ్లీ చేసి చూస్తారు.