మృదంగమా? ఢోలకా?

తబలాను పోల్చుకోవడం తేలిక. అది రెండు వేర్వేరు వాద్యాల జంట: కుడిది చెక్క, ఎడమది సాధారణంగా లోహపు గిన్నె. రెండింటి మీదా నల్లని మచ్చ ఉంటుంది, ఎడమదాని మీద అది మధ్యకు కాక పక్కకు జరిగి ఉంటుంది. చిక్కంతా పీపా ఆకారంలో ఉండి, రెండు వైపులా చర్మం ఉన్న వాద్యాలతోనే.

పాత సామాన్లలో అలాంటిదొకటి దొరికిందనుకుందాం. ముందు చిన్న మూత చూడండి. దాని నడుమ గట్టిగా అంటుకున్న నల్లని కరణి ఉంటే అది మృదంగం కావచ్చు. ఢోలక్‌కు ఆ వైపు చర్మం ఉత్తదిగానే ఉంటుంది. దాని నల్లపూత పెద్ద మూతకు లోపలి వైపున ఉంటుంది కాబట్టి పైకి కనిపించదు. మృదంగం పెద్ద మూతకు మాత్రం వాయించేముందు తడి రవ్వముద్ద అద్ది, కచేరీ అయ్యాక తీసేస్తారు. అందుకే అక్కడ ఎండిన పిండి మరకలు కనిపిస్తే మంచి ఆధారమే.

అయితే ఉత్తరాది పఖావజ్ కూడా ఇలాగే ఉంటుంది, దానికీ పిండి పెడతారు. వార్ల కింద చెక్క దిమ్మలు దూర్చి ఉంటే పఖావజ్‌ను అనుమానించాలి.

శ్రుతి బిగింపును చివర చూడండి. తాళ్లు, వాటి మీద జరిగే లోహపు రింగులు ఢోలక్‌వి. నట్లు, బోల్టులు మాత్రం ఏమీ తేల్చవు, ఇప్పుడు మృదంగాలకూ వాటిని బిగిస్తున్నారు.